కొనేవాళ్లు మారినకొద్దీ మారుతి 800

1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరా గాంధీ తొలి మారుతి 800 తాళాలను ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి ఒకరికి అందజేశారు. 2014 జనవరి 18న ఆ కారు తయారీ ఆగిపోయింది. ఈ ముప్ఫై ఏళ్లలో మన దేశంలోనే పాతిక లక్షలకు పైగా మారుతి 800లు రోడ్డెక్కాయి. ఒక వస్తువు మార్కెట్లోకి ఎలా వస్తుందో, ఎలా ఎదుగుతుందో, ఎలా నిలదొక్కుకుంటుందో, చివరికి ఎలా తప్పుకుంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గర లేదనుకుంటాను. ఎందుకంటే ఈ కథలో ప్రతి మలుపూ మన కళ్ల ముందే జరిగింది. ఆ కారు మన వీధిలో తిరిగింది.

వస్తువు అమ్మకాలు మొదట మెల్లగా సాగి, తర్వాత వేగం పుంజుకుని, ఒక ఎత్తుకు చేరాక నిలకడపడి, ఆ తర్వాత తగ్గిపోతాయని వ్యాపార పాఠాలు చెబుతాయి. ప్రవేశం, ఎదుగుదల, పరిపక్వత, క్షీణత అని నాలుగు దశలు. దీన్నే ప్రొడక్ట్ లైఫ్ సైకిల్ అంటారు. 1965లో థియొడోర్ లెవిట్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఈ ఆలోచనకు బాగా ప్రచారం వచ్చింది. అప్పటినుంచీ ప్రతి ఎంబీఏ పుస్తకంలోనూ ఆ గీత గీసి ఉంటుంది. చిక్కేమిటంటే, ఆ గీత పూర్తిగా కనిపించేది అంతా అయిపోయాకే. దాని మీద నడుస్తున్న కంపెనీకి తానెక్కడున్నదీ తెలియదు. ఈ నెల అమ్మకాలు పది శాతం పడిపోతే అది వానల వల్లా, పోటీ వల్లా, లేక కథ ముగింపుకు వచ్చినందువల్లా? అమ్మకాల అంకె ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. ఈ రోజు షోరూమ్‌లోకి అడుగుపెడుతున్నది ఎవరో చూస్తే దొరుకుతుంది. మారుతి 800 కథను ఆ దారిలో చదవాలి.

మొదట వచ్చినవాళ్లు ఎవరు? అప్పటిదాకా కారంటే అంబాసిడర్, లేకపోతే ప్రీమియర్ పద్మిని. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అలాంటి రోజుల్లో ప్రభుత్వ రంగ సంస్థ మారుతి ఉద్యోగ్, జపాన్‌కు చెందిన సుజుకితో 1982లో ఒప్పందం చేసుకుని, 796 సీసీ ఇంజన్‌తో చిన్న కారు తెస్తానంది. ధర యాభై వేల రూపాయలకు అటూ ఇటూగా పెట్టింది. పదివేలు ముందుగా కట్టి పేరు నమోదు చేసుకోమంటే, రెండు నెలల్లోనే లక్షమందికి పైగా కట్టారు. అప్పటికి ఒక్క కారు కూడా తయారు కాలేదు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా వెయ్యి కార్లు కూడా బయటికి రాలేదు.

మామూలుగా ప్రవేశ దశ ఇలా ఉండదు. కొత్త వస్తువు అంటే జనానికి తెలియదు, నమ్మరు, దుకాణదారు అరలో చోటివ్వడు. అందుకే తొలి రోజుల్లో ప్రకటనలకు, నమూనాలకు, దుకాణదారుల కమీషన్లకు డబ్బు పోయాల్సి వస్తుంది, వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. మారుతికి ఆ కష్టం తప్పింది. ముప్ఫై ఏళ్ల కొరత ఆ కారుకు కావలసిన ప్రచారమంతా చేసిపెట్టింది. అయితే ఇంకో కష్టం వచ్చిపడింది. కారును ఎవరైనా కొంటారు సరే, చెడిపోతే బాగుచేసేదెవరు? ముందు చక్రాలకు శక్తి అందే కారును మన వీధి మెకానిక్కులు అంతకుముందు విప్పి చూసింది లేదు. విడిభాగాలు జపాన్ నుంచి రావాలి. ఒక్క ఊళ్లో ఒక్క కారు నెలరోజులు షెడ్డులో పడి ఉంటే, ఆ ఊరంతా ‘జపాన్ కారు మనకు పనికిరాదు’ అని తీర్మానించేస్తుంది.

అందుకని తొలి దశలో మారుతి నాయకత్వం దృష్టి ప్రకటనల కంటే ఎక్కువగా డీలర్ల వర్క్‌షాపుల మీద, మెకానిక్కుల శిక్షణ మీద, విడిభాగాల సరఫరా మీద పడింది. అప్పట్లో సంస్థను నడిపిన వి. కృష్ణమూర్తి, ఆర్.సి. భార్గవల గురించి మాట్లాడేటప్పుడు ఫ్యాక్టరీ క్రమశిక్షణనే ఎక్కువగా తలుచుకుంటారు. నా లెక్కలో వాళ్లు చేసిన అసలు మార్కెటింగ్ సర్వీసు నెట్‌వర్క్. ప్రవేశ దశలో కొనేవాళ్ల మనసులో ఒక భయం ఉంటుంది. అది ఏ భయమో కనిపెట్టి, డబ్బు అక్కడ ఖర్చుపెట్టాలి. సబ్బుకైతే ఆ భయం ‘చర్మానికి పడుతుందా’ అని, అప్పుడు చిన్న ప్యాకెట్ ఇవ్వాలి. కారుకైతే ‘మధ్యదారిలో ఆగిపోతే’ అని, అప్పుడు వర్క్‌షాపు ఉండాలి.

ధర విషయంలోనూ ఇక్కడ గమనించాల్సింది ఉంది. కొత్త వస్తువుకు ధర పెట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదట ఎక్కువ ధర పెట్టి, ఎంతైనా ఇచ్చి కొనేవాళ్ల దగ్గర రాబట్టుకుని, మెల్లగా తగ్గించుకుంటూ రావడం ఒకటి. మొదటినుంచే తక్కువ ధర పెట్టి, పోటీదారు నిద్రలేచేలోగా మార్కెట్ నిండా పరుచుకోవడం రెండోది. లక్షమంది వరుసలో నిలబడి ఉన్నప్పుడు మొదటి పద్ధతి ఊరిస్తుంది. కానీ మారుతిది సంవత్సరానికి లక్ష వాహనాల లక్ష్యం. ఆ లక్ష్యం చేరాలంటే వరుసలో ముందున్న డబ్బున్నవాళ్లతో సరిపోదు, వాళ్ల వెనుక ఉన్న ఉద్యోగులూ డాక్టర్లూ చిన్న వ్యాపారులూ కొనాలి. పైగా అది ప్రభుత్వ సంస్థ, సామాన్యుడి కారు అన్న మాట మీద పుట్టింది. అందుకే ధర తక్కువగానే పెట్టింది. 1985 తర్వాత జపాన్ యెన్ విలువ బాగా పెరగడంతో దిగుమతి భాగాల ఖర్చు ఎగబాకి, ధరలు పెంచక తప్పలేదు. అప్పుడు బయటపడే దారి ఒక్కటే: భాగాలను ఇక్కడే తయారు చేయించడం. ఆ అవసరం నుంచే మన దేశంలో వాహన విడిభాగాల పరిశ్రమ ఒక రూపానికి వచ్చింది.

1986లో కొత్త ఆకారంతో 800 వచ్చింది. నేటికీ మన మనసులో ఉన్న ‘మారుతి కారు’ రూపం అదే. అక్కడినుంచి ఎదుగుదల దశ. ఈ దశలో కంపెనీ చేయాల్సిన పని వినడానికి తేలిక, చేయడానికి కష్టం: వస్తువు అందుబాటులో ఉండాలి. అడిగినవాళ్లకు లేదనకూడదు. ఫ్యాక్టరీ సామర్థ్యం పెంచడం, చిన్న ఊళ్లకు డీలర్లను విస్తరించడం, ఏసీ ఉన్నది లేనిది అంటూ రకాలు తేవడం. 1991 ఆర్థిక సంస్కరణలు, ఆ తర్వాత కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేకపోవడం, బ్యాంకులు కారు అప్పులు ఇవ్వడం మొదలుపెట్టడం, ఇవన్నీ కలిసి వచ్చాయి. 1990ల రెండో సగంలో దేశంలో అమ్ముడయ్యే ప్రతి పది కార్లలో ఎనిమిది దాకా మారుతివే.

ఈ దశలోనే ఒక ప్రమాదం పెరుగుతూ ఉంటుంది, లెక్కల్లో కనిపించదు. అమ్మకాలు పెరుగుతున్నాయి కదా అని కంపెనీ ‘జనం మా కారును ఇష్టపడుతున్నారు’ అనుకుంటుంది. నిజానికి జనానికి వేరే దారి లేదు. ఇష్టానికీ గత్యంతరం లేకపోవడానికీ మధ్య తేడా పోటీ వచ్చిన రోజున గానీ తెలియదు.

మారుతికి ఆ రోజు 1998లో వచ్చింది. హ్యుందాయ్ శాంత్రో, దేవూ మాటిజ్, టాటా ఇండికా కొన్ని నెలల తేడాలో వచ్చాయి. 800 కంటే ఎత్తుగా, విశాలంగా, కొత్తగా ఉన్నాయి. ధర ఎక్కువే, కానీ అందనంత ఎక్కువ కాదు. మారుతి వెంటనే 800 ధర తగ్గించింది. ధర తగ్గించడం పరిపక్వ దశలో అందరూ చేసే మొదటి పని. అది సరైనదే కావచ్చు, కానీ అది సమస్యలో సగానికే మందు. ఎందుకో చెప్పాలంటే షోరూమ్‌లోకి వచ్చేవాళ్లు అప్పటికి ఎలా మారారో చూడాలి.

1985లో 800 కొన్న కుటుంబం 1998 నాటికి రెండో కారు కొనే స్థితికి వచ్చింది. వాళ్లకు మళ్లీ అదే 800 అక్కర్లేదు, ఒక మెట్టు పైకి ఎక్కాలి. అదృష్టవశాత్తు మారుతి దగ్గర 1993 నుంచే జెన్ ఉంది. అంటే 800కి ఇక మిగిలింది తొలిసారి కారు కొనేవాళ్లు. వాళ్లలోనూ కాస్త డబ్బున్నవాళ్లను శాంత్రో లాక్కుంటోంది. మరి మిగిలినవాళ్లు ఎక్కడున్నారు? స్కూటర్ మీద ఉన్నారు. ముందు ఒక పిల్ల, వెనుక భార్య, ఆమె ఒడిలో ఇంకో బిడ్డ. పరిపక్వ దశలో 800 అసలు పోటీ శాంత్రోతో కాదు, ఆ స్కూటర్‌తో. ఇది గుర్తించడమే ఆ దశలో మారుతి చేసిన అతి తెలివైన పని.

స్కూటర్ మీద వెళ్లే కుటుంబం కారు షోరూమ్ ముందు ఆగినప్పుడు ‘రెండు లక్షలు’ అన్న మాట వినగానే వెనక్కి తిరుగుతుంది. ఆ కుటుంబం నెలనెలా ఆలోచిస్తుంది: జీతం ఇంత, అద్దె ఇంత, ఫీజులు ఇంత, మిగిలేది ఇంత. అందుకే 2000ల తొలి సగంలో మారుతి మొత్తం ధరను పక్కనపెట్టి, నెలకు 2,599 రూపాయలు అని ప్రకటించింది. నలభై వేలు ముందు కట్టి, ఏడేళ్లపాటు నెలకు 2,599 చొప్పున కడితే 800 ఇంటికి వస్తుంది. ఏడేళ్లంటే 84 వాయిదాలు, మొత్తం 2,18,316 రూపాయలు, ముందు కట్టినదానితో కలిపితే దాదాపు రెండున్నర లక్షలు. కంపెనీ తన ధరలో కోసుకున్నది పెద్దగా లేదు, బ్యాంకు వడ్డీ బ్యాంకుకు వస్తూనే ఉంది. మారిందల్లా కొనేవాళ్లకు ఆ అంకె కనిపించే తీరు. అయినా దీన్ని మాయ అనలేం, ఎందుకంటే ఆ కుటుంబం అసలు లెక్క వేసుకునేదే అలా.

దీని పక్కన టాటా నానోను పెట్టి చూడండి. 2008లో ప్రకటించినప్పుడు దాని గురి కూడా సరిగ్గా అదే స్కూటర్ కుటుంబం. లక్ష రూపాయల కారు అన్న పేరు దేశదేశాలకూ పాకింది. కానీ కారు కొనే కుటుంబం ఒక మెట్టు ఎక్కుతోంది. ‘అందరికంటే చవక కారు వీళ్లదే’ అని వీధి అంతా అనుకోవడానికి వాళ్లు కారు కొనరు. చవక కారు అన్న ముద్ర తమకు చేటు చేసిందని తర్వాత రతన్ టాటాయే అన్నారు. మారుతి పథకం కారు గౌరవాన్ని తగ్గించకుండా వాయిదాను తగ్గించింది, నానో ప్రచారం ధరను ముందుపెట్టి కారు గౌరవాన్ని తగ్గించింది. తయారీ ఖర్చు తగ్గించడం ఇంజనీరింగ్ విజయమే. దాన్ని కొనేవాళ్ల ముందు ఏ మాటలో పెట్టాలన్నది మాత్రం వేరే పని.

పరిపక్వ దశలో ఇంకో శత్రువు ఉంటాడు, దాని గురించి పాఠ్యపుస్తకాలు తక్కువగా మాట్లాడతాయి. అది తాను ఇదివరకు అమ్మిన వస్తువే. అప్పటికి లక్షల కొద్దీ పాత మారుతి 800లు రోడ్ల మీద ఉన్నాయి. కొత్త 800 కొనేబదులు ఐదేళ్ల పాతది సగం ధరకు కొనుక్కోవచ్చు. లేదా కొత్త 800 డబ్బుతోనే మూడేళ్ల పాత జెన్ కొనవచ్చు. మారుతి 2001లో ట్రూ వాల్యూ పేరుతో పాత కార్ల వ్యాపారంలోకి తానే దిగింది. పాత కారును నమ్మకంగా తీసుకుని, చూసి, బాగుచేసి, గ్యారంటీ ఇచ్చి అమ్మితే రెండు లాభాలు. పాత 800 ఇచ్చినవాళ్లు అక్కడే జెన్‌కో వాగన్-ఆర్‌కో మారతారు. పాత కారుకు మంచి ధర వస్తుందన్న భరోసా కొత్త కారు అమ్మకానికే సాయపడుతుంది. ‘రేపు అమ్మితే ఎంతొస్తుంది’ అనే ప్రశ్నకు మన దేశంలో మారుతి దగ్గర ఉన్నంత బలమైన జవాబు అప్పట్లో ఎవరి దగ్గరా లేదు.

ఈ దశలో డీలర్లు, మేనేజర్లు ఎక్కువగా మోసపోయేది రాయితీల దగ్గర. లెక్క తేలికగా అర్థం కావడానికి ఒక ఊహాత్మక షోరూమ్ తీసుకుందాం. నెలకు మామూలుగా వంద కార్లు అమ్ముతుంది. దసరాకు పదిహేను వేల రాయితీ ఇస్తే ఆ నెల 140 పోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి నెల 70, ఆ తర్వాతి నెల 90. మూడు నెలలు కలిపితే 300, అంటే సగటు మళ్లీ వందే. రాయితీ కొత్త కొనుగోలుదారును ఒక్కరినీ తేలేదు, నవంబరులో, డిసెంబరులో కొనబోయేవాళ్లను అక్టోబరుకు లాక్కొచ్చింది. పైగా 140 కార్ల మీద 21 లక్షలు పోయాయి. రాయితీ ఇచ్చిన నెల అంకెను కాక, ఆ తర్వాతి రెండు నెలల అంకెలను కూడా కలిపి చూడాలి. కొన్నవాళ్లలో ఎంతమంది తొలిసారి కారు కొంటున్నారో రాసిపెట్టుకోవాలి. తొలిసారి కొనేవాళ్ల వాటా పెరిగితే రాయితీ పనిచేసినట్టు, పెరగకపోతే పారబోసినట్టు.

ఇక క్షీణత. మారుతి 800ను కింద పడేసింది హ్యుందాయ్ కాదు, టాటా కాదు, మారుతి ఆల్టో. 2000లో వచ్చిన ఆల్టో ఇంజన్ పరిమాణం కూడా 796 సీసీయే, ధర కొంచెమే ఎక్కువ, చూపుకు కొత్తది. 2004-05లో అమ్మకాల్లో 800ను దాటి దేశంలో నంబర్ వన్ అయింది. సొంత కారును సొంత కారుతో చంపుకోవడం చాలా కంపెనీలకు మింగుడుపడదు. ఒక విభాగం అమ్మకాలు ఇంకో విభాగం తినేస్తుందని లోపల గొడవలు పడతారు. ఆ గొడవల్లో మూడో కంపెనీ వచ్చి ఇద్దరినీ తినేస్తుంది. 800 నుంచి జారిపోయే కొనుగోలుదారు ఎలాగూ జారిపోతాడు. అతను జారి పడేది తమ షోరూమ్‌లోనే అయితే చాలని మారుతి చూసుకుంది. నాకిది ధైర్యమైన నిర్ణయంగా కనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికింకా 800 లాభాలు తెస్తూనే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1976లో ధల్లా, యుస్పే అనే ఇద్దరు, అదే హార్వర్డ్ పత్రికలో, ఈ జీవితచక్రం సిద్ధాంతాన్నే మరిచిపొమ్మని రాశారు. వాళ్ల వాదన గట్టిది. అమ్మకాలు కాస్త తగ్గగానే మేనేజర్ ‘ఇది క్షీణ దశ’ అనుకుంటాడు, ప్రకటనలు ఆపేస్తాడు, మంచి సేల్స్‌మన్లను వేరే వస్తువుకు మారుస్తాడు, డీలర్ ఆసక్తి తగ్గిపోతుంది, అమ్మకాలు నిజంగానే పడిపోతాయి. ‘చూశారా, ముందే చెప్పాను’ అంటాడు. వస్తువుది సహజ మరణమో హత్యో చెప్పలేని పరిస్థితి. 1998లో మారుతి ఇలా ఆలోచించి ఉంటే 800 అప్పుడే పోయేది. పోటీ కార్లు వచ్చి అమ్మకాలు తగ్గినా, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు లక్షల్లో అమ్ముడయింది. తేడా తెలుసుకునే మార్గం ఒకటుంది. మొత్తం చిన్న కార్ల మార్కెట్ పెరుగుతూ మీ కారు తగ్గితే అది మీ కారు సమస్య, మందు ఉండవచ్చు. చిన్న కార్ల మార్కెట్టే కుంగిపోతుంటే అది వేరే జబ్బు. 1998లో మార్కెట్ పెరుగుతోంది, స్కూటర్ కుటుంబాలు ఇంకా కొనలేదు, అంటే మందు ఉంది. 2008 నాటికి అదే స్కూటర్ కుటుంబం ఆల్టో వాయిదా కూడా కట్టగలిగే స్థితికి వచ్చేసింది. ఇక 800 కొనడానికి ప్రత్యేకమైన కారణం ఉన్న మనిషి మిగల్లేదు. అది నిజమైన క్షీణత.

ఆ దశలో మారుతి పెద్ద ఆర్భాటం చేయలేదు. 2010 ఏప్రిల్‌లో 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి, వాటిలో హైదరాబాద్ ఒకటి. 800 ఇంజన్‌ను ఆ ప్రమాణానికి తేవాలంటే మళ్లీ పెట్టుబడి పెట్టాలి. తగ్గుతున్న అమ్మకాల మీద ఆ డబ్బు తిరిగిరాదు. అందుకే ఆ నగరాల్లో అమ్మకం ఆపేశారు. హైదరాబాద్‌లో కొత్త 800 దొరకదు, వరంగల్ వంటి చోట్ల దొరుకుతుంది. దీన్ని వ్యాపార భాషలో పంట కోసుకోవడం అంటారు: కొత్త పెట్టుబడి లేదు, పెద్ద ప్రకటనలు లేవు, ఉన్న అచ్చులూ ఉన్న యంత్రాలూ అరిగేదాకా, అడిగినవాళ్లకు చేసి ఇవ్వడం. యంత్రాల ఖరీదు ఎప్పుడో వసూలైపోయింది కనుక తక్కువ కార్లు అమ్మినా నష్టం ఉండదు. నాలుగేళ్లపాటు అలా సాగి 2014 జనవరిలో ఆగింది.

తయారీ ఆపడంతో కంపెనీ పని అయిపోలేదు. లక్షల మంది దగ్గర ఆ కారు ఇంకా నడుస్తోంది. క్లచ్ ప్లేటు, బ్రేకు షూలు, హెడ్‌లైట్ అద్దం దొరక్కపోతే వాళ్లంతా రేపు మరో కంపెనీ కారు కొంటారు. అందుకే తయారీ ఆగాక కూడా ఏళ్ల తరబడి విడిభాగాలు అందిస్తామని మారుతి చెప్పింది. తొలి దశలో వర్క్‌షాపుల కోసం పెట్టిన ఖర్చు, చివరి దశలోనూ అదే వర్క్‌షాపుల ద్వారా అక్కరకొచ్చింది. ఇక 800 అన్న అంకెను కూడా వాళ్లు వదులుకోలేదు. 2012 అక్టోబరులో వచ్చిన కొత్త ఆల్టోకు ఆల్టో 800 అని పేరు పెట్టారు. బానెట్ ఎత్తి చూస్తే అందులోనూ 796 సీసీ ఇంజనే.